ఓవరీ స్లైడ్: అండం కనిపించకపోతే కార్పస్ ల్యూటియం అనేయవచ్చా?

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, హిస్టాలజీ ప్రాక్టికల్స్ టెన్షన్. అండం చుట్టూ ఒకే వరుసలో చదునైన కణాలుంటే ప్రైమోర్డియల్, అవి ఘనాకారంలోకి మారితే ప్రైమరీ. ద్రవంతో యాంట్రమ్ ఏర్పడితే ఇంకా తేలిక. అక్కడిదాకా ఇబ్బంది లేదు.

మా స్లైడ్‌లో అండం లేని పెద్ద నిర్మాణం ఒకటుంది. కోత పక్కగా పడితే యాంట్రల్ ఫాలికల్‌లోనూ అండం కనిపించదు కదా! దీని గోడ మాత్రం ముడతలు పడింది. కణాలు చాలావరకు పెద్దవి, పాలిపోయి నురగలా ఉన్నాయి. మడతల మధ్య చిన్న, ముదురు కణాలున్నాయి. గ్రాన్యులోసా ల్యూటిన్, థీకా ల్యూటిన్ అనుకుంటున్నాను.

నా అనుమానం నడుమ ఉన్న గులాబీ రంగు పదార్థం మీద. అది గడ్డకట్టిన రక్తం స్థానంలో వచ్చిన పీచు కణజాలమా, లేక అట్రెటిక్ ఫాలికల్‌లో మిగిలే నలిగిన జోనా పెల్యూసిడానా? హెచ్ అండ్ ఈ రంగుల్లో ఈ రెంటినీ మీరెలా విడదీస్తారు?