అప్‌డేట్: బోరులో నీళ్లున్నా మోటారుకు ఎందుకు అందలేదో తెలిసింది

అప్పుడు నేను అడిగింది: "బోరులో నీటిమట్టం పైనే ఉంది. మోటారు వేస్తే 10 నిమిషాలకే గాలి లాగుతోంది. పక్క బోరు గంటల తరబడి పోస్తోంది. ఎందుకు?"

మీరు చెప్పినట్టే మోటారు ఆపి, మట్టం ఎంతసేపటికి పైకొస్తుందో కొలిచాను. తెల్లారేదాకా పట్టింది. పక్క బోరులో అరగంట చాలింది.

తర్వాత తవ్వినప్పటి మట్టి వివరాలు తీసి చూశాను. 18 నుంచి 23 మీటర్ల వరకు ముతక ఇసుక, దాని కింద అంతా బంకమట్టి. మా వాళ్లు చిల్లుల పైపును 30 మీటర్ల దగ్గర, బంకమట్టిలో దించారు. ఇసుక పొరకు ఎదురుగా ఉన్నది చిల్లుల్లేని పైపు!

నేను పొరబడింది ఇక్కడే. బంకమట్టిలో నీళ్లు తక్కువనుకున్నాను. నిజానికి దాని ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీలే, ఇసుకలో మూడో వంతు. కానీ బంకమట్టి రంధ్రాలు ఎంత సన్నమంటే నీరు రేణువులకే అంటుకుపోతుంది. 100 మీటర్లకు 1 మీటరు వాలు ఉంటే ముతక ఇసుకలో నీరు కొద్ది రోజుల్లోనే మీటరు కదులుతుంది. గట్టి బంకమట్టిలో ఏడాదికి మిల్లీమీటరు కూడా కదలకపోవచ్చు.

కొత్త బోరులో చిల్లుల పైపును సరిగ్గా ఇసుక పొరకు ఎదురుగా పెట్టించి, ఇసుక లోపలికి రాకుండా చుట్టూ సన్న గులకరాళ్లు పోయించాను. నిన్న నాలుగు గంటలు ఆగకుండా పోసింది. మట్టం 2 మీటర్లు దిగి అక్కడే నిలబడింది.