పన్ను గ్రాఫులో డెడ్‌వెయిట్ లాస్ ఏ త్రిభుజం?

ఒక వస్తువు డిమాండ్ రేఖ P = 100 − Q, సప్లై రేఖ P = 20 + Q కాగా, సమతౌల్యం 60 రూపాయల ధర, 40 యూనిట్ల వద్ద ఉంది. అమ్మకందారుపై యూనిట్‌కు 20 రూపాయల పన్ను వేస్తే సప్లై రేఖ ఆ మేరకు పైకి జరిగి అమ్మకం 30 యూనిట్లకు తగ్గుతుంది. కొనుగోలుదారు 70 చెల్లిస్తే అమ్మకందారుకు 50 మిగులుతుంది. ఇంతవరకు సందేహం లేదు.

అయితే 30, 40 యూనిట్ల మధ్య డిమాండ్ రేఖకు, పాత సప్లై రేఖకు నడుమ ఉన్న త్రిభుజమే డెడ్‌వెయిట్ లాస్ అని పాఠ్యపుస్తకం చూపుతుండగా, నా దగ్గరున్న నోట్సులో డిమాండ్ రేఖకు పైన, కొత్త సప్లై రేఖ వరకు ఉన్న త్రిభుజానికి రంగు వేశారు. విచిత్రంగా రెండింటి వైశాల్యమూ 100 రూపాయలే. పన్ను అసలైన ఉత్పత్తి వ్యయం కాదు కనుక పాత రేఖ నుంచే కొలవాలని నాకు అనిపిస్తోంది. ఇది సరైనదేనా? రేఖలు వంపు తిరిగి ఉంటే ఈ రెండు వైశాల్యాలు వేరవుతాయా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.