వడ్డీ లక్షా అరవై వేలు, దాని మీద పన్ను లక్షా తొంభై వేలా?

మణికొండ నుంచి అడిగినవారు:
నమస్కారం అండీ. 2025-26కి కొత్త విధానంలోనే ఉన్నాను. జీతం 1,00,15,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 99,40,000 అని మా పేరోల్ వాళ్ల షీట్‌లో ఉంది. సర్‌చార్జ్ 10% వేసి, సెస్‌తో కలిపి ఏడాది మొత్తానికి 29,30,928 కోస్తున్నారు. ఇంతవరకు బాగానే ఉంది. నిన్న రాత్రి బ్యాంకు యాప్ చూస్తే ఈ ఏడాది ఎఫ్‌డీ వడ్డీ 1,60,000 కనిపించింది. అది కలిపితే ఆదాయం 1,01,00,000. కోటి దాటితే సర్‌చార్జ్ 15% కదా, ఆ లెక్కన పన్ను 31,21,560 వస్తోంది. అంటే 1,60,000 వడ్డీకి 1,90,632 అదనపు పన్ను! మూడుసార్లు వేశాను, అదే అంకె. నిద్ర పట్టలేదు. ఎక్కడైనా తప్పు చేశానా?

కొండాపూర్ నుంచి ఒకరు:
తప్పు చేశారండీ. దీనికి మార్జినల్ రిలీఫ్ ఉంది. కోటి మీద ఎంత ఆదాయం పెరిగిందో అంతకంటే ఎక్కువ పన్ను పెరగదు. మీకు కోటి దాటింది లక్ష. కోటి దగ్గర కట్టే పన్నుకి లక్ష కలపండి, అయిపోయింది. సెస్‌తో కలిపి కోటి మీద 29,51,520. దానికి లక్ష కలిపితే 30,51,520. ఇదే మీ ఫైనల్.

కూకట్‌పల్లి నుంచి ఒకరు:
నాకూ ఇదే సమస్య. షేర్లు లేవు, జీతం ఒక్కటే, అన్నీ పోగా 1,10,00,000. మా వాళ్లు 15% పూర్తిగా వేశారు, రిలీఫ్ రూపాయి కూడా చూపించలేదు. గొడవ పెట్టుకోవాలా? అసలు పైవాళ్లకి 37% సర్‌చార్జ్ అని విన్నాను, మనకీ అదే వస్తుందా?

నారాయణగూడ, సీఏ ప్రాక్టీస్‌లో ఉన్నావిడ:
ముందు మణికొండ వారి లెక్క పూర్తి చేద్దాం. కొండాపూర్ వారు చెప్పిన దారి సరైనదే, కానీ సెస్‌ను తప్పుచోట కలిపారు. అందుకే 4,000 తక్కువ వచ్చింది.

మొదట మామూలు పన్ను. 24 లక్షల వరకు స్లాబులన్నీ కలిపితే 3,00,000. ఆపైన మిగిలిన 77 లక్షల మీద 30% అంటే 23,10,000. మొత్తం 26,10,000. సర్‌చార్జ్ ఆదాయం మీద కాదు, ఈ పన్ను మీద. 15% అంటే 3,91,500. రెండూ కలిపితే 30,01,500. ఇక్కడ ఆగండి, సెస్ ఇంకా వేయొద్దు.

ఇప్పుడు ఆదాయం సరిగ్గా కోటి ఉన్నట్టు అనుకుని లెక్క వేయండి. పన్ను 25,80,000, సర్‌చార్జ్ 10% చొప్పున 2,58,000, కలిపి 28,38,000. మీరు దాటింది లక్ష. కాబట్టి పన్నూ సర్‌చార్జూ కలిపి 29,38,000 మించకూడదు. 30,01,500లోంచి ఇది తీసేస్తే 63,500. అదే మీ రిలీఫ్. అది సర్‌చార్జ్‌లోంచే తగ్గుతుంది, అంటే సర్‌చార్జ్ 3,28,000 అవుతుంది.

సెస్ వేసేది చివర్లో. 29,38,000 మీద 4% అంటే 1,17,520. మొత్తం 30,55,520.

రిలీఫ్ చూసేది పన్ను, సర్‌చార్జ్ వరకే. సెస్ దాని పరిధిలోకి రాదు. అందుకే కోటి మీద సంపాదించిన ఆ లక్షకి మీరు కట్టేది 1,04,000. సంపాదించినదానికంటే 4,000 ఎక్కువ. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే. నా క్లయింట్లలో చాలామంది ఇక్కడే నాతో వాదిస్తారు.

కొండాపూర్:
అవునండీ, సెస్ కలిపిన అంకెకే లక్ష కలిపేశాను. ఇన్నేళ్లూ అలాగే వేసుకుంటున్నాను.

నారాయణగూడ:
కూకట్‌పల్లి వారికి: మీవాళ్లు చేసింది సరైనదే. కోటి దాటి వెళ్లేకొద్దీ రిలీఫ్ కరిగిపోతుంది. పన్ను వేయదగ్గ ఆదాయం సుమారు 1,01,97,000 దగ్గర అది పూర్తిగా అయిపోతుంది. మీరు 1,10,00,000లో ఉన్నారు, కాబట్టి ఏమీ రాదు. 37% అనేది పాత విధానంలో 5 కోట్లు దాటినవారికి. కొత్త విధానంలో 25% మించి లేదు, అదీ 2 కోట్లు దాటాకే. గొడవ పెట్టుకోకండి.

మణికొండ:
మేడమ్, చాలా థ్యాంక్స్. మరి పేరోల్ వాళ్లకి ఈ వడ్డీ గురించి తెలియదు కదా, తేడా ఎవరు కట్టాలి? ఇంకోటి, తెలంగాణ ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకు 200 పోతోంది, అది తగ్గించుకుంటే కొంచెం కిందికి వస్తానా?

నారాయణగూడ:
ప్రొఫెషనల్ ట్యాక్స్‌కి కొత్త విధానంలో మినహాయింపు లేదు, దాన్ని వదిలేయండి.

తేడా సంగతి. బ్యాంకు 10% చొప్పున 16,000 కోసి ఉంటుంది, ఒకసారి 26ఏఎస్‌లో చూసుకోండి. కంపెనీ కోసే 29,30,928తో కలిపితే 29,46,928. ఇంకా 1,08,592 బాకీ. దీన్ని మీరే అడ్వాన్స్ ట్యాక్స్‌గా మార్చి 15 లోపు కట్టొచ్చు. కానీ జూన్, సెప్టెంబర్, డిసెంబర్ వాయిదాలు కట్టలేదు కాబట్టి 234సీ కింద కొంత వడ్డీ పడుతుంది. అంతకంటే మంచిది, వడ్డీ ఆదాయాన్ని ఇప్పుడే కంపెనీకి రాసివ్వడం. వాళ్లు మార్చి జీతంలో కోసేస్తే ఆ బాకీయే ఉండదు, వాయిదాల గోలా ఉండదు. మార్చి జీతం బాగా తగ్గుతుంది, ఈఎంఐలు చూసుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. మీ కంపెనీలో ఎన్‌పీఎస్ ఉందా? మీ జీతంలోంచే కంపెనీ వాటాగా బేసిక్‌లో 14% వరకు అందులోకి మళ్లిస్తే కొత్త విధానంలోనూ అది ఆదాయంలోంచి తగ్గుతుంది. మీ సొంత జేబులోంచి వేసుకుంటే తగ్గదు. బేసిక్ నెలకు 4 లక్షలు ఉంటే 56,000 దాకా వేయొచ్చు. ఫిబ్రవరి, మార్చిలో 50,000 చొప్పున వేస్తే ఆదాయం సరిగ్గా కోటికి దిగుతుంది. ఎన్‌పీఎస్‌లో లక్ష చేరుతుంది, పన్ను 1,04,000 తగ్గుతుంది. అయితే డబ్బులో ఎక్కువ భాగం రిటైర్మెంట్ దాకా చేతికి రాదు. పీఎఫ్‌లో కంపెనీ వాటాతో కలిపి ఏడాదికి 7,50,000 దాటకూడదు, అదీ చూసుకోండి. కోటి దాటకపోతే రిటర్న్‌లో ఆస్తులు, అప్పుల వివరాలు రాసే పని కూడా తప్పుతుంది.

మణికొండ (రెండు రోజుల తర్వాత):
హెచ్‌ఆర్‌తో మాట్లాడాను. ఎన్‌పీఎస్‌లో కొత్తగా చేరాలంటే ఏప్రిల్ దాకా ఆగమన్నారు. మేనేజర్ ద్వారా ఇంకోసారి అడుగుతున్నాను, ఏమవుతుందో చూడాలి. వడ్డీ మాత్రం తీసుకున్నారు. కొత్త షీట్ ఇవాళ వచ్చింది, సర్‌చార్జ్ గడిలో 3,91,500 ఉంది.

నారాయణగూడ:
అంటే వాళ్ల సాఫ్ట్‌వేర్ రిలీఫ్ ఇవ్వలేదు. అక్కడ 3,28,000 ఉండాలి. ఈ లెక్కంతా మెయిల్‌లో పెట్టి సరిచేయమనండి. వాళ్లు సరిచేయకపోతే 66,040 ఎక్కువ కోస్తారు. అది పోదు, ఐటీఆర్-2 వేసినప్పుడు రిఫండ్‌గా వస్తుంది. రిటర్న్‌లో సర్‌చార్జ్ రిలీఫ్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత అని విడిగా కనిపిస్తుంది. అప్పుడు రెండో గడిలో 3,28,000 ఉందో లేదో చూసుకోండి.