సెమిస్టర్ వారీగానా, సబ్జెక్టు వారీగానా? ఫోల్డర్లు ఎలా పెట్టుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. మాది కావలి, బీటెక్ సీఎస్ఈ ఐదో సెమిస్టర్. డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ సెమిస్టర్ వారీగా ఉన్నాయి. గేట్‌కి చదువుతుంటే నార్మలైజేషన్ ఏ సెమిస్టర్‌లో చెప్పారో గుర్తొస్తేనే నోట్స్ దొరుకుతున్నాయి. వాట్సాప్‌లో వచ్చినవైతే DOC-20240912-WA0012.pdf లాంటి పేర్లతోనే ఉండిపోయాయి. చేత్తో రాసినవాటిని ఫొటో తీసి పీడీఎఫ్ చేశాం కదా, నా ల్యాప్‌టాప్‌లో లోపలి మాటతో వెతికితే రావట్లేదు. ఫైల్ పేరే దిక్కు.

అందుకే ఫోల్డర్లు సబ్జెక్టు వారీగా మార్చి, ఫైళ్లకి DBMS_U3_Normalization_S4.pdf అని పేరు పెడదామనుకుంటున్నా. సెమిస్టర్ నంబరు పేరు చివర్లో ఉంటే సప్లీ రాసేవాళ్లు S4 అని వెతికినా దొరుకుతుంది.

తేలనిది ఒక్కటే. బీ-ట్రీ నోట్స్ డేటా స్ట్రక్చర్స్‌కీ, డీబీఎంఎస్‌కీ రెండింటికీ కావాలి. రెండు చోట్లా కాపీ పెడితే ఒకదాంట్లో దిద్దింది రెండోదాంట్లో ఉండదు. ఒకచోట ఉంచి రెండోచోట షార్ట్‌కట్ పెట్టడం మేలా? కొన్ని సెమిస్టర్లు అలా వాడినవాళ్లు చెప్పండి అన్నా, అక్కా.