పెళ్ళిచూపులు: గుమ్మంలో మొదటి పలకరింపు ఎలా?

తెనాలి_కుర్రాడు: ఈ ఆదివారం సాయంత్రం అమ్మాయిని చూడ్డానికి వెళ్తున్నాం. అమ్మ, నాన్న, పెద్దమ్మ, నేను. గుమ్మంలో ముందు ఎవరు నమస్కారం పెట్టాలి? వాళ్ళ నాన్నగారిని ఏమని పిలవాలి? స్వీట్లు పట్టుకెళ్ళాలా, పళ్ళు చాలా?

ఇద్దరాడపిల్లల_తండ్రి: ఆ పిలుపు దగ్గరే మేం మోసపోయాం. అబ్బాయి తల్లి చెప్పులు విడుస్తూనే మా ఆవిణ్ణి "ఏం వదినగారూ, బాగున్నారా" అంది. కుదిరిపోయిందనుకుని మా ఆవిడ ఆ రాత్రే వాళ్ళన్నయ్యకి ఫోన్ చేసేసింది. పది రోజులకి మధ్యవర్తి చేత జాతకాలు కలవలేదనిపించారు. జాతకం ముందే ఇచ్చాం కదండీ!

కాకినాడ_వదినమ్మ: వదినగారూ అంటే తప్పేంటి? మేం కూరగాయలావిణ్ణి కూడా వదినా అనే పిలుస్తాం.

ఇద్దరాడపిల్లల_తండ్రి: కూరగాయలావిడ మీకు పిల్లనివ్వడానికి రాదు కదమ్మా.

సంబంధాల_శాస్త్రి: 22 ఏళ్ళుగా సంబంధాలు చూస్తున్నాను, నా మాట వినండి. తాంబూలాలు పుచ్చుకునేదాకా బావగారు, వదినగారు నోట రాకూడదు. పేరు పక్కన గారు చాలు, ఆడవాళ్ళయితే అమ్మా అనండి. ఆడపిల్లవారు గేటు దాకా ఎదురొచ్చి ముందు నమస్కారం పెడతారు. మగపెళ్ళివారు తలాడించి ఊరుకుంటే అవతల మనసు విరిగిపోతుంది. అబ్బాయి కూడా చేతులు జోడిస్తే చాలు, కాళ్ళకి వంగొద్దు. అది కుదిరాక. ఇంకోటి, ఆదివారం 4:30 నుంచి 6 దాకా రాహుకాలం, ఆ వేళ గుమ్మం తొక్కకండి.

ఓరుగల్లు_పోరి: మా దిక్కు నమస్కారం తర్వాత, ముందుగాల కాళ్లకు నీళ్లియ్యాలె. అక్కను చూడనీకి వచ్చిన్నాడు మా నాయన చెంబు వట్టుకొని నాలుగో అంతస్తుల లిఫ్టు కాడ నిలవడ్డడు. పిల్లగాని మేనమామ అవి తాగే నీళ్లనుకొని గటగట తాగిండు! నవ్వాపుకోలేక సచ్చినం. ఆ సంబంధమే ఖాయమైంది.

లెక్కల_మాస్టారు: శాస్త్రిగారూ, 4:30 అన్నది ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకితేనే. పగటిని 8 భాగాలు చేస్తే ఆదివారం చివరి భాగం రాహువుది. వేసవిలో 5:30కి పొడిచి 6:30కి గుంకిందనుకోండి, 4:50 దాటాకే మొదలవుతుంది.

సంబంధాల_శాస్త్రి: నాకు పంచాంగం నేర్పకండి. అమ్మాయి తల్లి చూసేది గోడమీద క్యాలెండరు, మీ భాగహారం కాదు.

తెనాలి_కుర్రాడు: స్వీట్లండీ?

చూపులకి_కూర్చున్నమ్మాయి: అందరూ పెద్దవాళ్ళ నమస్కారాల గురించే. నేను హాల్లోకొచ్చి నమస్కారం పెడితే అబ్బాయి ఫోన్లోంచి తలెత్తలేదు. వాళ్ళమ్మ తిరిగి దణ్ణం పెట్టడం మానేసి "ఎత్తెంతమ్మా" అంది. పైగా బయోడేటా చేతిలో పెట్టుకుని నన్ను మా చెల్లి పేరుతో పిలిచింది.

కాకినాడ_వదినమ్మ: అయ్యో తల్లీ. బాబూ తెనాలీ, నలుగురే వస్తున్నామని వాళ్ళకి చెప్పారా? మాకు నలుగురని చెప్పి తొమ్మిదిమంది దిగారు. గుమ్మంలో దణ్ణాలు పెడుతూనే, కాఫీ గ్లాసుల కోసం మావాణ్ణి పక్కింటికి పరిగెత్తించాను.