శ్రీఖండ్‌లో పంచదార చక్కాకు సమానమా, సగమా?

వార్ధా కోడలు: మాది రాజమండ్రి, అత్తగారిది వార్ధా. ఉగాది రోజే వాళ్లకు గుఢీ పాడ్వా. ఈసారి పన్నెండు మందికి శ్రీఖండ్, పూరీ నేనే చేయాలి. అత్తయ్యగారేమో పెరుగును గుడ్డలో మూటకట్టి నీరు కార్చగా మిగిలే చక్కా ఎంత ఉంటే పంచదార అంత వేయాలంటారు. ఆడపడుచు సగం చాలు, పొడి చేసి మిక్సీలో తిప్పేయ్ అంటుంది. ఎవరి మాట వినాలి? కుంకుమపువ్వు, యాలకులు రెండూ వేయొచ్చా, ఒకటే వేయాలా?

పుణె పాలవాడు: నేను పుణెలో ఒక డైరీలో చాలాకాలం చక్కా పనే చేశాను. మీ ఇంట్లో ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే ఇద్దరూ ఒకే చక్కా గురించి మాట్లాడటం లేదు. వేసవిలో పెరుగును మూటకట్టి రాత్రంతా వంటింట్లో వేలాడదీస్తే తెల్లారేసరికి అది బాగా పులుస్తుంది. ఆ పులుపుకు సమానంగా పంచదార పడితేనే నోటికి సరిపోతుంది. పైగా ఫ్రిజ్ లేని ఇళ్లలో ఎక్కువ తీపి ఉంటే రెండో రోజుకూ నిలిచేది. అదే మూటను ఫ్రిజ్‌లో వేలాడదీస్తే చక్కా కమ్మగా ఉంటుంది. దానికి సమానంగా పంచదార వేస్తే మొత్తం బరువులో సగం పంచదారే అవుతుంది, పెరుగు రుచి అసలు తెలియదు.

అందుకే ముందు చక్కాను తూకం వేయండి. పెరుగును కొలిచి లెక్కేస్తే మోసపోతాం, ఎందుకంటే ఎంత నీరు కారిందన్నది గుడ్డను బట్టి, పాలను బట్టి మారుతుంది. 2 లీటర్ల చిక్కటి గేదె పాలు తోడేస్తే, పది పన్నెండు గంటలు వేలాడాక సుమారు 700 గ్రాముల చక్కా వస్తుంది. కమ్మటి చక్కా అయితే 450 గ్రాముల పంచదారతో మొదలుపెట్టండి. అంతా కలిపితే కిలో పైనే వస్తుంది, పూరీతో పన్నెండు మందికి సరిపోతుంది. రుచి చూసి ఇంకో 50 గ్రాములు కలపొచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, చల్లబడ్డాక తీపి తగ్గినట్టు అనిపిస్తుంది. కలిపేటప్పుడు నోటికి సరిగ్గా సరిపోయిందనుకున్నది మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసేసరికి చప్పగా ఉంటుంది. కాబట్టి కలిపేటప్పుడే రవ్వంత ఎక్కువ తీపి ఉండాలి.

నిజామాబాద్ వంటిల్లు: ఇంత లెక్క ఎందుకండీ? మా ఇంట్లో ఎప్పుడూ చక్కెర పొడి, మిక్సీ. మెత్తగా వస్తది. చక్కెర పలుకులుగా వేస్తేనే నీళ్లు వదులుతది, పొడి వేస్తే వదలదు. అదే అసలు కిటుకు.

పుణె పాలవాడు: పొడి వేస్తే నోటికి పలుకులు తగలవన్న మాట నిజం. నీరు వదలదన్నది మాత్రం కాదు. చక్కాలో పట్టి ఉన్న నీటిలోనే పంచదార కరుగుతుంది, కరిగేకొద్దీ ఆ నీటిని బయటికి లాగుతుంది. 450 గ్రాముల పలుకులు వేసినా, 450 గ్రాముల పొడి వేసినా చివరికి పలచబడేది ఒక్కలాగే. తేడా ఎంతసేపట్లో అన్నదే. పొడి నాలుగు నిమిషాల్లో కరిగి వెంటనే జారుగా కనిపిస్తుంది. పలుకులకు గంట పైన పడుతుంది, కలిపిన వెంటనే గట్టిగా ఉందని మురిసిపోయి గిన్నె మూసేస్తాం, తీరా చూస్తే వదులవుతుంది. పొడి ఇంట్లో చేసుకోండి. కేకుల మీద చల్లడానికి కొట్లో అమ్మే పొడిలో గడ్డకట్టకుండా మొక్కజొన్న పిండి కలుపుతారు, శ్రీఖండ్‌లో అది నాలుక మీద సుద్దలా తెలుస్తుంది.

ఇక మిక్సీ. చక్కా అంటే పాలలోని మాంసకృత్తులు వలలా అల్లుకుని కొవ్వునూ, మిగిలిన నీటినీ పట్టుకున్న ముద్ద. బ్లేడు ఆ అల్లికను కోసేస్తుంది. తిప్పిన వెంటనే నున్నగా మెరుస్తుంది, చెంచా ఎత్తితే ధారలా కారుతుంది. ఫ్రిజ్‌లో కొంత బిగుస్తుంది గానీ పూరీ ముక్కతో తీస్తే నిలిచే బిగువు రాదు. ఇంకాసేపు తిప్పితే కొవ్వు వెన్నలా విడిపోయి పెదవులకు జిడ్డు అంటుతుంది. నున్నదనం కావాలంటే జల్లెడ మీద వేసి గరిటె వెనకవైపుతో రుద్దండి. ఉండలు చితికిపోతాయి, అల్లిక మిగులుతుంది.

నిజామాబాద్ వంటిల్లు: మా మిక్సీలో రెండు పల్స్‌లే ఇస్తం, బాగానే ఉంటది. పిల్లలు గిన్నెల్లో పోసుకుని చెంచాతో తాగినట్టు తింటరు, వాళ్లకు అట్లనే ఇష్టం. జల్లెడ పట్టే ఓపిక అందరికీ ఉండదు కదా.

సోలాపూర్ పెద్దమ్మ: తాగేదానికి శ్రీఖండ్ అనే పేరెందుకమ్మా, తియ్యటి లస్సీ అంటే సరిపోతుంది కదా. మా పెద్దలు నేత పనికి ఇక్కడికి వచ్చి స్థిరపడినవాళ్లు, ఇంట్లో తెలుగు, పండక్కి మాత్రం శ్రీఖండ్ పూరీ. వార్ధా అమ్మాయీ, మేం చేసే తీరు చెబుతాను. చక్కా, చక్కెర పలుకులు చేత్తో కలిపి మూతపెట్టి రెండు గంటలు పక్కన పెడతాం. చక్కెర దానంతట అదే కరుగుతుంది. అప్పుడు పూరణ్ పోళీకి పప్పు రుబ్బుకునే పూరణ్ యంత్రంలో వేసి, సన్న చిల్లుల పళ్లెం పెట్టి తిప్పుతాం. అది మీ అత్తగారింట్లో తప్పకుండా ఉంటుంది. కింద సేమ్యాలా పడినదాన్ని కలిపితే పట్టులాగా ఉంటుంది. ముందు చక్కెర కలిపి తర్వాత తిప్పాలి, ఒట్టి చక్కాను తిప్పి తర్వాత చక్కెర వేస్తే మళ్లీ పలుకులు తగులుతాయి.

మూట ఫ్రిజ్‌లో పెట్టమనడం నాకు నచ్చలేదు. చల్లగా ఉంటే నీరు సరిగా దిగదు, మధ్యలో ముద్ద తడిగానే ఉండిపోతుంది. ఆ పులుపు లేకపోతే శ్రీఖండ్‌కు రుచేముంది?

పుణె పాలవాడు: పెద్దమ్మా, చల్లటి చోట నీరు నెమ్మదిగా దిగుతుందన్నది నిజమే. అందుకే మొదటి రెండు గంటలు బయట వేలాడదీసి, తర్వాత మూటను జల్లెడలో పెట్టి, జల్లెడను గిన్నె మీద ఉంచి, పైన చిన్న బరువు పెట్టి ఫ్రిజ్‌లో పెట్టమంటాను. మధ్యలో ఒకసారి మూట విప్పి అంచుల్లో గట్టిపడినదాన్ని లోపలికి తిప్పి మళ్లీ కట్టాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక ముద్దను పొడి స్టీలు పళ్లెంలో పది నిమిషాలు ఉంచి ఎత్తండి. కింద తడి మరక లేకపోతే చాలు. మరక ఉంటే ఇంకో రెండు గంటలు ఆగాల్సిందే.

డల్లాస్ సుధ: నా సమస్య కూడా ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. ఇక్కడ గ్రీక్ యోగర్ట్ చిక్కగానే ఉంటుంది కదా అని నేరుగా పంచదార కలుపుతాను. పావుగంటలో జారిపోతుంది. తర్వాత మూటకట్టి వేలాడదీస్తే గట్టిపడుతుంది గానీ తీపి ఉండదు! ఎందుకలా?

పుణె పాలవాడు: పంచదార కలిశాక మూటకడితే కారేది పంచదార నీళ్లమ్మా, తీపి దాంతోనే పోతుంది. గ్రీక్ యోగర్ట్ మన పెరుగుకన్నా చిక్కనే గానీ చక్కా అంత పొడిగా ఉండదు. ముందే ఇంకో నాలుగైదు గంటలు గుడ్డలో ఆరనివ్వండి. కొవ్వు తీసినది వద్దు, ఎంత రుద్దినా పిండిపిండిగానే ఉంటుంది. డబ్బా మీద చూసి జెలటిన్, స్టార్చ్ కలిపినవి కూడా మానేయండి, అవి నీటిని వదలవు. కలిపాక జారిపోయినదాన్ని బాగుచేయాలంటే ఆరిన చక్కా ఇంకొంచెం కలపడమొక్కటే దారి. వార్ధా కోడలుగారూ, అందుకే మీరూ ఒక గుప్పెడు చక్కా పక్కన ఉంచుకోండి.

గుంటూరు రమేష్: మా నాన్నగారికి షుగర్. బెల్లంతో చేస్తే పర్లేదా?

సోలాపూర్ పెద్దమ్మ: షుగరున్నవాళ్లకు బెల్లమైనా చక్కెరైనా ఒకటే నాయనా. బెల్లానికి తడి ఎక్కువ, రంగు కూడా మట్టిరంగు అవుతుంది. ఆయన కోసం చక్కెర కలపకముందే రెండు చెంచాల చక్కా తీసి, యాలకుల పొడి చల్లి ఇవ్వు. తీపి సంగతి మాత్రం డాక్టరుగారిని అడుగు.

వార్ధా కోడలు: పూరణ్ యంత్రం ఇంట్లో ఉంది! కుంకుమపువ్వు, యాలకుల సంగతి ఎవరూ చెప్పలేదు.

సోలాపూర్ పెద్దమ్మ: రెండూ సమానంగా వేయకు. కుంకుమపువ్వు వాసన సన్నం, యాలక్కాయ దాన్ని మింగేస్తుంది. మేం మామూలు రోజుల్లో యాలకులూ, చిటికెడు జాజికాయ గంధం వేస్తాం, పైన సారపప్పు చల్లుతాం. కుంకుమపువ్వు పండక్కి మాత్రమే. ఆ రోజు యాలకులు అసలు వేయను.

పుణె పాలవాడు: పూర్తిగా మానేయక్కర్లేదు. మీరు చేసే కిలో పైచిలుకు శ్రీఖండ్‌కు మూడు యాలక్కాయల గింజలు మెత్తగా దంచి, టీ వడకట్టుతో జల్లించి వేస్తే కుంకుమపువ్వుకు అడ్డు రాదు. జల్లించకపోతే అంత నున్నటిదానిలో ఇసుకలా తగులుతుంది. ఏడెనిమిది అయితే మాత్రం పెద్దమ్మ అన్నట్టే అవుతుంది.

కుంకుమపువ్వు ఒక పెద్ద చిటికెడు తీసుకుని, చెంచా పంచదారతో కలిపి చిన్న రోట్లో నూరండి. దాని మీద ఒక పెద్ద చెంచా గోరువెచ్చటి పాలు పోసి ఇరవై నిమిషాలు ఉంచండి. అంతకన్నా పాలు పోస్తే ఇన్ని గంటలు ఆరబెట్టిన చక్కా మళ్లీ పలచబడుతుంది. పూర్తిగా చల్లారాకే కలపాలి. కలిపిన వెంటనే రంగు లేతగా ఉందని ఇంకాస్త వేయకండి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే రంగూ వాసనా రెండూ ముదురుతాయి. అందుకే పాడ్వా ముందు రోజు సాయంత్రమే కలిపి పెట్టడం మేలు. నూరకుండా రేకలు నేరుగా వేస్తే అక్కడక్కడా ఎర్రటి గీతలు తప్ప మిగతాదంతా తెల్లగా ఉండిపోతుంది.

నిజామాబాద్ వంటిల్లు: రేకలు కనిపిస్తేనే బాగుంటది కదా, కుంకుమపువ్వు వేసినమని తెలుస్తది. నూరేస్తే పసుపు రంగు కలిపిర్రు అనుకుంటరు.

పుణె పాలవాడు: నాలుగు రేకలు పైన అలంకారానికి ఉంచండి, మిగతావి నూరండి.

వార్ధా కోడలు: సరే, చక్కా ఫ్రిజ్‌లోనే ఆరబెట్టి 450 గ్రాములతో మొదలుపెడతాను. యంత్రంలో తిప్పాక అత్తయ్యగారికి రుచి చూపించి, ఆవిడ చాలదంటే 50 గ్రాములు పొడి చేసి కలుపుతాను. యాలకులు మూడే.

సోలాపూర్ పెద్దమ్మ: ఆవిడ పులుపు లేదంటారు చూడు. పెరుగును తోడుకున్న వెంటనే మూటకట్టకు, ఒక నాలుగు గంటలు ఆగి కట్టు. ఫ్రిజ్‌లో పెట్టినా ఆ పులుపు కొంత మిగులుతుంది.

పుణె పాలవాడు: ఇక్కడ నేను ఒప్పుకోను పెద్దమ్మా. మార్చి ఎండల్లో విదర్భలో నాలుగు గంటలంటే ఎక్కువే. గంట చాలు, ఆపైన ఒక చెంచా నోట్లో వేసుకుని చూసుకోవాలి.