క్యాన్వాలో రంగు మార్చాను, స్లైడ్లలో మాత్రం పాత ఎరుపే ఉంది

పలాస అమ్మాయి: మధ్యాహ్నం నుంచి దీంతోనే కూర్చున్నాను, ఎవరైనా చెప్పండి. మా పెదనాన్న జీడిపప్పు కొట్టుకి ప్రతి శనివారం ధరల స్లైడ్లు నేనే పెడతాను, W180, W210, W240, W320 రకాల్లో ఒక్కో దానికి ఒక్కో స్లైడు, ముందు కవరు, చివర ఫోన్ నంబరు. ఇప్పుడు ప్యాకెట్ల రంగు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మార్చారు. Brand Kitలో రంగు మార్చి సేవ్ చేశాను. డిజైన్ తెరిస్తే ఏమీ మారలేదు. లాగవుట్ అయ్యి మళ్లీ వచ్చినా అంతే. రేపు పొద్దున్నే పెట్టాలి.

బొబ్బిలి: ఫ్రీ అకౌంటా, ప్రో నా? ఫోనా, లాప్‌టాపా?

విజయనగరం ప్రెస్: ఆకుపచ్చ అన్నారు కాబట్టి ముందే చెప్తున్నానమ్మా, ప్యాకెట్ మీద అచ్చైన ఆకుపచ్చ స్క్రీన్ మీద అలాగే రాదు. మేం CMYKలో అచ్చు వేస్తాం, ఫోన్ RGBలో చూపిస్తుంది. ప్యాకెట్‌ని ఫోటో తీసి అందులోంచి రంగు తీసుకుంటే ట్యూబ్‌లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా వస్తుంది. ప్యాకెట్ డిజైన్ చేసినవాళ్లని కోడ్ అడగండి.

పలాస అమ్మాయి: రంగు సరిపోలేదని కాదండీ, అసలు మారడం లేదు. ప్రో ఉంది, లాప్‌టాప్. కోడ్ #14532D అని ఇచ్చారు.

రాజాం: టెంప్లేట్‌గా పబ్లిష్ చేశారా? Brand Templateగా పబ్లిష్ చేస్తే రంగులు వాటంతట అవే మారతాయి. లేకపోతే అది టెంప్లేట్ కాదు, మామూలు డిజైనే.

టెక్కలి అన్న: రాజాం తమ్ముడూ, పబ్లిష్ చేసినా మారవు. Brand Kit అంటే రంగులు దాచుకునే చోటు. డిజైన్‌లో వాడాక ఆ రంగు కోడ్ ఆ డిజైన్‌లోనే ఉండిపోతుంది. డిజైన్ లోపలికి వెళ్లి మార్చాలి. చెల్లీ, ఏదైనా ఎరుపు అక్షరం మీద నొక్కి, పైన రంగు గడి తెరిచి #14532D ఎంచుకో. ప్యానెల్ అడుగున Change all వస్తుంది, అది నొక్కితే అన్ని స్లైడ్లలో ఆ ఎరుపు ఉన్న ప్రతిచోటా మారుతుంది. ఒక్క జాగ్రత్త, ‘స్టాక్ లేదు’ లాంటి ముద్ర కూడా అదే ఎరుపులో ఉంటే అదీ ఆకుపచ్చ అయిపోతుంది. ముందు దానికి వేరే ఎరుపు పెట్టు.

పలాస అమ్మాయి: చేశాను అన్నా. కవరు, W180 మారాయి. W240, W320లో ధర అంకెలు ఇంకా ఎరుపే. పైన పట్టీ ఏ స్లైడులోనూ మారలేదు.

టెక్కలి అన్న: అయితే రెండు వేర్వేరు సంగతులు. అంకెల రంగు ఐడ్రాపర్‌తో తీసుకున్నావా? Document colors వరసలో ఎరుపు గుండ్రాల మీద మౌస్ పెట్టి కోడ్‌లు చూడు. కంటికి ఒక్కటే ఎరుపు, ఒకటి #B3261E, ఇంకోటి #B4271F అని ఉంటుంది. Change allకి అవి రెండూ వేర్వేరు రంగులే. మిగిలిన ఎరుపుకి మళ్లీ ఒకసారి అదే పని చెయ్యి. పట్టీ ఎక్కడిది?

పలాస అమ్మాయి: అవును, మూడు ఎరుపులున్నాయి! పట్టీ లోగోతో కలిపి ప్రెస్ వాళ్లు PNGగా ఇచ్చారు.

టెక్కలి అన్న: అది బొమ్మ కదా, అందుకే మారలేదు. కీబోర్డు మీద R నొక్కితే చతురస్రం వస్తుంది, దాన్ని పట్టీలా సాగదీసి Brand Kitలోని ఆకుపచ్చ రంగు ఇవ్వు, పైన లోగో ఒక్కటే విడిగా పెట్టు. ఒక స్లైడులో చేసి మిగతా వాటిలోకి కాపీ చేసుకో. మళ్లీ రంగు మారితే అప్పుడు ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఇంకోటి, ఈ డిజైన్‌కి ‘అసలు, ముట్టుకోవద్దు’ అని పేరు పెట్టి, వారం వారం File లో Make a copy చేసి కాపీలోనే ధరలు మార్చు. అసలు దాంట్లోనే దిద్దుతూ పోతే పోయిన వారం బాక్సు జరిగినవి, అక్షరాలు చిన్నవైనవి అన్నీ ఈ వారంలోకీ వస్తాయి.

రాజాం: దాన్నే పబ్లిష్ చేస్తే అసలు దానికి ఎవరి చెయ్యీ తగలదు కదా, నేను చెప్పింది అదే.

టెక్కలి అన్న: అందుకైతే సరే. ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేసే చోట అదే మంచిది. రంగులు వాటంతట అవే మారతాయన్నావు చూడు, అది కాదన్నాను.

బొబ్బిలి: తెలుగు అక్షరాలకి లైన్ స్పేసింగ్ తగ్గించకండి. ఒత్తులు కింది వరసకి తగులుతాయి.

నెల్లిమర్ల: మాది ట్యూషన్ సెంటరు, మేం ఫోన్‌లోనే చేస్తాం, మౌస్ ఉండదు. మరి కోడ్‌లు ఎలా చూడాలి?

పలాస అమ్మాయి: అంకెలు మారాయి. పట్టీ చేస్తున్నాను, W210 స్లైడులో లోగో వెనక తెల్ల గడి వస్తోంది, ప్రెస్ వాళ్లని వేరే ఫైలు అడుగుతాను. థాంక్స్ అన్నా.